తెల్ల బంగారమైనా గులాబీ బంగారమైనా అమ్మేటప్పుడు లెక్క ఒక్కటే

సిరొంచ నుంచి గోదావరి వంతెన దాటి పెళ్లి నగలు తెచ్చుకునే మన ఇళ్లలో ఇప్పుడు పిల్లలు 14 క్యారెట్ల వైట్ గోల్డ్, రోజ్ గోల్డ్ అడుగుతున్నారు. తెల్లదానికి ఎక్కువ పెట్టాం, రేపు అమ్మితే ఎక్కువే వస్తుంది అనే మాట కూడా వింటున్నాం. మేం ఒప్పుకోం.

ఏ రంగుదైనా 14 క్యారెట్లంటే వెయ్యి పాళ్లలో 585 పాళ్లు మేలిమి. మిగతాదాంట్లో రాగి ఎక్కువైతే గులాబీ రంగు, నికెల్ గానీ పల్లాడియం గానీ కలిస్తే తెలుపు. 10 గ్రాముల గొలుసులో మేలిమి 5.85 గ్రాములే. మేలిమి గ్రాము 10,000 రూపాయలనుకుంటే 58,500. అందులోంచి కరిగింపు తరుగు పోతుంది. మజూరి, జీఎస్టీ ఎలాగూ తిరిగి రావు.

తెల్లదానికి ఇంకో చిక్కుంది. దాని మెరుపు చాలావరకు పైనున్న రోడియం పూతది. వాడగా వాడగా అది అరిగి లోపలి పసుపు ఛాయ బయటపడుతుంది. అమ్మబోతే, గీటురాయి మీద పసుపు గీతలు చూసి అలవాటైన అవుసలికి తెల్ల గీత అంతుపట్టక తగ్గించి అడుగుతాడు. ఎక్స్‌రే మిషన్ ఉన్న దుకాణానికే పోయి, ఒకచోట పూత గీకి చూడమనండి.

కొనేటప్పుడే 14K585 ముద్ర, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ చూసుకొని, ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూడండి. కుదువ పెట్టే అవసరం పడొచ్చు అనుకునేవాళ్లు మాత్రం 22 క్యారెట్లే తీసుకోండి. చాలా గోల్డ్ లోన్ కంపెనీలు 18 కన్నా తక్కువదాన్ని ముట్టుకోవు.