రోజా విడిచేది ఎవరి ఇంటి నీళ్లతో?

రంజాన్ నెల వచ్చిందంటే ఇఫ్తార్ విందుల ఫోటోలు వస్తాయి. 2025 మార్చి 7న చెన్నై రాయపేట వైఎంసీఏ మైదానంలో నటుడు విజయ్ ఇచ్చిన ఇఫ్తార్ వీడియోలు మన యువత ఫోన్లలో చాలా తిరిగాయి. హైదరాబాదులో ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వ ఇఫ్తార్ మనకు తెలిసిందే. 2002లో అబ్దుల్ కలాం గారు రాష్ట్రపతి భవన్‌లో ఆనవాయితీగా ఇచ్చే ఇఫ్తార్‌ను మాని, ఆ ఖర్చును అనాథాశ్రమాలకు మళ్లించారు.

మైదానాల్లో పెట్టే విందులను మేము తప్పుపట్టడం లేదు. కానీ అక్కడ ఒక ప్రశ్న ఎప్పుడూ రాదు. వంట ఎవరి పొయ్యి మీద జరిగింది? నీళ్లు ఎవరి బిందెలోవి? కేటరింగ్ వాళ్లు తెస్తారు, బాటిల్ నీళ్లు ఇస్తారు, అందరూ తిని వెళ్తారు. ఇంట్లో ఇఫ్తార్ పెట్టాలనుకుంటే మాత్రం మొదట ఎదురయ్యేది ఆ ప్రశ్నే. అందుకే క్రైస్తవులు, ముఖ్యంగా దళిత క్రైస్తవులు, తమ ఇంట్లోనే ఇఫ్తార్ పెట్టాలని మేము అంటున్నాం.

తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1 వరకు మన చిత్తూరు జిల్లాలోదే. ఇప్పుడు తిరువళ్లూరు జిల్లాలో ఉంది. ఇక్కడ ఇళ్లలో తెలుగు, వీధిలో తమిళం, మసీదు దగ్గర ఉర్దూ వినిపిస్తాయి. తమిళంలో రోజాను 'నోన్బు' అంటారు, అది మన 'నోము'కు చుట్టమైన మాట. మన పల్లెల్లో పెద్దవాళ్లు ఒక్కపొద్దు అంటారు. మాటల్లో ఇంత చుట్టరికం ఉన్నా, ఒకరి ఇంట్లో ఒకరు నీళ్లు తాగే చుట్టరికం లేదు. తమిళనాట 'కాలనీ' అంటే దళితవాడ అని అందరికీ తెలుసు. టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి ఈ పత్రిక చదువరులకు మేము చెప్పనక్కరలేదు.

2025లో రంజాన్ మార్చి 2న మొదలైంది, భస్మ బుధవారం మార్చి 5న వచ్చింది. వాళ్ల ఉపవాసాలు, మన శ్రమకాలపు ఉపవాసాలు కలిసి నడిచాయి. ఆ నెలలో తిరుత్తణి దగ్గర కాలనీలో ఉన్న మా సంఘ కుటుంబం ఒకటి తమ ఇంట్లో ఇఫ్తార్ పెడతామని ముందుకొచ్చింది. పిలవాలనుకున్నది ఎనిమిది మందిని. అందులో ఐదుగురు రోజా ఉన్న ముస్లింలు, ముగ్గురు హిందూ ఇరుగుపొరుగువారు. ఇంటివాళ్లు నలుగురు, మొత్తం పన్నెండు మంది. అంతా ఒప్పుకున్నాక ఆ ఇంటి తల్లి మమ్మల్ని పక్కకు పిలిచి అడిగింది: "అయ్యగారూ, పిలిస్తే వస్తారు. కానీ మా ఇంట్లో నీళ్లు తాగుతారంటారా?"

ఈ ప్రశ్నకు ధైర్యవచనం చెప్పి ఊరుకోకూడదు. వచ్చేవాళ్లకు ఏ అనుమానమూ మిగలకుండా ఏర్పాటు చేయాలి. అప్పుడు ఎవరైనా తాగకపోతే ఆ కారణం తిండిలో లేదని, మరెక్కడో ఉందని తేలిపోతుంది.

మొదటిది సమయం. మార్చి నెలలో మా ప్రాంతంలో సూర్యాస్తమయం 6 గంటల 20 నిమిషాల ప్రాంతంలో అవుతుంది. తెల్లవారుజామున ఐదు దాటగానే సహర్ ముగుస్తుంది కాబట్టి అతిథులు సుమారు పదమూడు గంటలు నీళ్లు కూడా ముట్టకుండా ఉంటారు. మసీదులో ఇచ్చే టైంటేబుల్ కార్డును ముందురోజే తెచ్చుకోవాలి. అజాన్ వినబడే దూరంలో ఇల్లు లేకపోతే ఆ కార్డే దిక్కు. ఖర్జూరాలు, నీళ్లు పది నిమిషాల ముందే ఒక్కొక్కరి ఎదుట ఉండాలి. మనవాళ్లకు భోజనానికి ముందు దీర్ఘంగా ప్రార్థించే అలవాటు ఉంది. కృతజ్ఞత చెప్పాలనుకుంటే ఆరు గంటల ఐదు నిమిషాలకే రెండు వాక్యాల్లో ముగించాలి. సమయం అయ్యాక రోజా విడవడానికి ఆలస్యం చేయకపోవడం వాళ్ల ఆచారం. ఆ నిమిషం మనది కాదు.

రెండోది వంట. మేము నోన్బు గంజి ఎంచుకున్నాం. తమిళనాట మసీదుల్లో మధ్యాహ్నం నుంచే పెద్ద డేక్షాల్లో వండి, సాయంత్రం గిన్నెలు తెచ్చుకున్న వాళ్లందరికీ, ముస్లింలు కాని వాళ్లకు కూడా, పోసేది ఈ గంజినే. దానికోసం రాష్ట్ర ప్రభుత్వం ఏటా మసీదులకు పచ్చిబియ్యం ఇస్తుంది. పన్నెండు మందికి రెండు గ్లాసుల పచ్చిబియ్యం నూక, అర గ్లాసు పెసరపప్పు, రెండు చెంచాల మెంతులు చాలు. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, పట్టా లవంగం వేయించి, ఆ గ్లాసుతోనే పదిహేను గ్లాసుల నీళ్లు పోసి, మెత్తగా ఉడకనివ్వాలి. చివర్లో కొబ్బరిపాలు, పుదీనా, కొత్తిమీర వేయాలి. చల్లారేకొద్దీ గంజి బిగుస్తుంది కాబట్టి వేడినీళ్లు పక్కన ఉంచుకోవాలి. రోజంతా ఖాళీగా ఉన్న కడుపుకు ఇది మెల్లగా పడుతుంది. బిర్యానీతో మొదలుపెడితే రెండు ముద్దలకే ఆయాసం వస్తుంది.

మసీదుల్లో దీనిలో మటన్ ఖైమా కూడా వేస్తారు. మేము వేయలేదు. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మాంసం లేని బల్ల పవిత్రం, మాంసం ఉన్న బల్ల అపవిత్రం అనే తూకంతో మన ప్రజలను తరతరాలుగా తక్కువ చేశారు. ఆ తూకాన్ని మేము ఒప్పుకోం. ఆ ఇంట్లో మాంసం తింటారు, దాన్ని దాచనూ లేదు. ఆ సాయంత్రానికి మాత్రం హలాల్ గురించి ఒకరికి, వ్రతం గురించి మరొకరికి సందేహం రాకూడదని మాంసం వద్దనుకున్నాం. మాంసం పెట్టాలనుకునేవాళ్లు రోజా ఉన్న అతిథి చెప్పిన కొట్లోనే కొని, వేరే గిన్నెలో వండి, ఏది ఏమిటో నోటితో చెబితే సరిపోతుంది.

మూడోది నమాజుకు చోటు. రోజా విడిచిన వెంటనే మగ్రిబ్ నమాజు ఉంటుంది. పది నిమిషాలు పడుతుంది. మన ప్రాంతం నుంచి కిబ్లా పడమటికి కాస్త ఉత్తరంగా ఉంటుంది. హాల్లో పడమటి గోడకు యేసు ప్రభువు పటం ఉంటే దాన్ని దించనక్కరలేదు, అతిథులు అడగరు కూడా. ఆ గోడకు పటాలు లేని గదిని ఊడ్చి, ఉతికిన దుప్పటి పరిచి ఇస్తే చాలు. వజూకు ఒక బకెట్ నీళ్లు, చెంబు, తుండుగుడ్డ పెట్టాలి. మిగిలిన అతిథులు ఆ పది నిమిషాలు టీవీ పెట్టకుండా కూర్చుంటే అదే మర్యాద.

ఇక గ్లాసుల సంగతి. మా యువకుడొకడు సులువుగా ఉంటుందని పేపర్ కప్పులు తెస్తానన్నాడు. మేము వద్దన్నాం. పేపర్ కప్పు పెడితే ఆ ఇంటి గిన్నె ఎవరి పెదవికీ తగలదు. టీకొట్లో ఒకప్పుడు దళితుడికి వేరే గ్లాసు పెట్టేవారు. ఇప్పుడు అందరికీ పేపర్ కప్పు ఇస్తే వివక్ష పోయినట్టు కనిపిస్తుంది, కానీ ఒకే గ్లాసు కడుక్కుని తాగే రోజు రాలేదు. అందుకే ఆ ఇంటి స్టీలు గ్లాసులే పెట్టాం. నీళ్లు కూడా ఆ ఇంటి బిందెలోవే, బాటిళ్లు కొనలేదు.

తిరువళ్లూరు నుంచి రావలసిన ఇద్దరు కుర్రాళ్లు లోకల్ రైలు ఆలస్యమై, తమ సంచిలోని ఖర్జూరంతో బోగీలోనే రోజా విడిచి వచ్చారు. దూరం నుంచి వచ్చేవాళ్లను ఐదు గంటలకే రమ్మనాలి. అజాన్ వినబడగానే పెద్ద భాయ్ ఖర్జూరం నోట్లో వేసుకుని, స్టీలు గ్లాసు ఎత్తి నీళ్లన్నీ తాగి, "ఇంకొంచెం పోయమ్మా" అన్నారు. హిందూ అతిథుల్లో ఇద్దరు గంజి తాగారు. మూడో ఆయన అరటిపండు ఒక్కటే తిని, గంజి, నీళ్లు రెండూ వద్దన్నారు. ఆయనను ఎవరూ బలవంతపెట్టలేదు, కారణం అడగలేదు. కానీ ఆ ఇంటి తల్లి చూసింది, మేమూ చూశాం. ఇంట్లో పెట్టే ఇఫ్తార్ ఊళ్లో ఉన్న గోడను కూల్చేయదు. ఆ గోడ ఎక్కడుందో, ఎంత ఎత్తుందో చూపిస్తుంది. మైదానం విందు ఆ మాత్రం కూడా చేయదు.

కొందరు విశ్వాసులు ఇది సువార్త చెప్పడానికి మంచి అవకాశం కదా అని అడిగారు. పదమూడు గంటల ఆకలితో మన గుమ్మంలోకి వచ్చినవాడు లేచి వెళ్లలేడు. అలాంటి మనిషి చేతిలో కరపత్రం పెట్టడం ఆతిథ్యం కాదు. మన విశ్వాసం గురించి వాళ్లు అడిగితే చెబుదాం. అడగకపోతే గంజి పోద్దాం.

ఇంకొందరు వేరే మతం వాళ్ల ఉపవాసంలో మనకేం పని అన్నారు. వాళ్లు గలతీ పత్రిక రెండో అధ్యాయం మళ్లీ చదవాలని కోరుతున్నాం. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేస్తున్న పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే బల్ల దగ్గర నుంచి వెనక్కు తగ్గాడు. పౌలు అతణ్ణి అందరి ఎదుటే నిలదీశాడు. ఎవరితో కూర్చుని తింటామన్నది పౌలుకు మర్యాద విషయం కాదు, సువార్త విషయం. అక్కడ బల్ల దగ్గర ఉన్నది విశ్వాసులే, నిజమే. కానీ బల్ల దగ్గర నుంచి లేచిపోవడంలో ఉన్న అవమానం ఎలాంటిదో దళిత క్రైస్తవులకు వేరేవాళ్లు చెప్పనక్కరలేదు. మన సంఘాల్లోనూ కులాన్ని బట్టి వేరు వేరు సమాధుల తోటలున్నాయి. పేతురు వెనకడుగు మన దగ్గర ఇంకా ఆగలేదు.

ముస్లిం సోదరుల వైపు నుంచి కూడా ఒక మాట తెలుసుకోవాలి. ఖురాన్ ఐదో సూరా పేరు అల్-మాయిదా, అంటే వడ్డించిన బల్ల. గ్రంథం పొందిన ప్రజల ఆహారం ముస్లింలకు సమ్మతమేనని అందులోనే ఉంది. యేసు శిష్యులు పరలోకం నుంచి బల్ల దిగిరావాలని అడిగిన వృత్తాంతం కూడా అందులోనిదే. కాబట్టి మన ఇంట్లో తినడానికి వాళ్లకు మతం అడ్డు కాదు. అడ్డు వస్తే అది కులమే, దాన్ని కులం అనే పిలవాలి.

వచ్చే రంజాన్‌కు మీ సంఘంలో ఒక్క ఇల్లు చాలు. ఆరుగురికి మించి పిలవనక్కరలేదు. ఫోటోలు తీయకండి, వేదిక కట్టకండి. మీ శుక్రవారపు ఉపవాస కూడిక లేని రోజు చూసుకోండి. తర్వాత వాళ్లు తమ ఇంటికి పిలిస్తే తప్పక వెళ్లండి, వాళ్ల గ్లాసుతోనే తాగండి. ఇంటికి వచ్చాక గ్లాసులు కడిగేటప్పుడు లెక్కపెట్టండి. ఎన్ని గ్లాసులు ఎంగిలయ్యాయో, ఎన్ని పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయో ఆ లెక్కను సంఘ పెద్దల ముందు పెట్టండి.