షేర్ చేసినంత మాత్రాన ఫైలు మనదైపోదు

పోస్టు పెద్దది, తీరిక చేసుకుని చదవండి. ముఖ్యంగా ఇంట్లో ఈ ఏడు డిగ్రీయో ఇంజినీరింగో పూర్తిచేసే పిల్లలున్నవాళ్లు.

ఆదివారం తెలుగు తరగతి సామాన్లన్నీ పాఠాలు చెప్పే అమ్మాయి కాలేజీ అకౌంటులో ఉన్నాయని, మే నెలలో ఆ అకౌంటు మూసేస్తారని గ్రూపులో చెప్పాం. పది నిమిషాల్లో పన్నెండు జవాబులొచ్చాయి. అన్నిటి సారం ఒకటే: "సొంత జీమెయిల్‌కి షేర్ చేసేస్తే సరిపోతుంది కదా, దీనికింత గొడవెందుకు?" సరిపోదు. ఈ మాట నమ్మి ఊరుకుంటే జూన్ నెలలో మన చేతిలో మిగిలేది ఖాళీ లింకులే.

షేర్ చేయడమంటే ఇంటి తాళంచెవి ఇంకొకరికి ఇవ్వడం. ఇల్లు మాత్రం ఓనరుదే. కాలేజీ అకౌంటులో తయారైన ఫైలుకి ఓనరు ఆ అకౌంటే. కాలేజీ దాన్ని తీసేస్తే, ఎంతమందికి షేర్ చేసి ఉన్నా ఫైలు కూడా పోతుంది. తీసేసిన అకౌంటుని కాలేజీ అడ్మిన్ 20 రోజుల్లోపు తిరిగి తేగలడు, ఆ తర్వాత అతనికీ దారిలేదు. పోనీ ఓనరుషిప్పే మార్చేద్దామా అంటే, కాలేజీ అకౌంటు నుంచి బయటి జీమెయిల్‌కి ఓనరుషిప్పు మార్చడం గూగుల్ ఒప్పుకోదు. రెండు అకౌంట్లని కలిపి ఒకటి చేసే బటనూ లేదు. కాపీ చేసుకోవడం ఒక్కటే మార్గం.

"కాలేజీవాళ్లు అంత త్వరగా తీసేయరులే" అన్నవాళ్లకి ఒక మాట. ఒకప్పుడు విద్యాసంస్థలకి గూగుల్ లెక్కలేనంత చోటు ఇచ్చేది. 2021లో ఆ పద్ధతి మార్చి, సంస్థ మొత్తానికి 100 టీబీ అని హద్దు పెట్టింది. ఎన్ని వేలమంది ఉన్నా అందరూ అందులోనే సర్దుకోవాలి. చోటు చాలనప్పుడు ముందు వేటుపడేది చదువైపోయిన పిల్లల అకౌంట్లమీదే. అది వాళ్ల దృష్టిలో పాత చెత్త. మనకి మాత్రం నాలుగేళ్ల వాచకాలు, పెద్దవాళ్ల దగ్గర రికార్డు చేసిన పాటలు, పిల్లల హాజరు.

ఇంతకీ అక్కడ ఉన్నదెంత? అమ్మాయి చూసి చెప్పింది: పాఠాలు, ఆడియోలు, వార్షికోత్సవం వీడియోలు కలిపి 11 జీబీ. ఆమె సొంత జీమెయిల్‌లో ఫోన్ ఫొటోలతోనే 9 జీబీ నిండిపోయి ఉంది. ఉచితంగా వచ్చేది 15 జీబీ, అది మెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫొటోలకి అన్నిటికీ కలిపే. 9కి 11 కలిస్తే 20, పట్టదు. అందుకే మేము చెప్పేది, సంఘం పేరున కొత్త జీమెయిల్ ఒకటి తెరవాలి. 15 జీబీ ఖాళీగా దొరుకుతుంది, 11 పోను నాలుగు మిగులుతుంది. పాస్‌వర్డు ఇద్దరు కార్యవర్గ సభ్యుల దగ్గర ఉండాలి. సంఘం ఆస్తిని ఒక్కొక్కరి అకౌంటులో దాచే అలవాటు ఇక మానాలి. రేపు ఆ అమ్మాయి పెళ్లై పుణేకో ముంబైకో వెళితే మళ్లీ ఇదే తంటా.

ఇక పని. విద్యాసంస్థల అకౌంట్ల కోసమే గూగుల్ ఒక దారి పెట్టింది. కాలేజీ అకౌంటుతో లాగిన్ అయి (సొంతదానితో కాదు, ఇక్కడే చాలామంది తడబడతారు) ఈ పేజీ తెరవాలి:

```
takeout.google.com/transfer
```

ఫైళ్లు చేరాల్సిన జీమెయిల్ చిరునామా కొట్టి కోడ్ పంపమంటే, ఆ మెయిల్‌కి ఒక ఉత్తరం వస్తుంది. అందులో ఉన్న కోడ్ తెచ్చి ఇక్కడ నింపాలి. డ్రైవ్, మెయిల్ రెండూ కావాలో ఒకటే కావాలో ఎంచుకుని `Start transfer` నొక్కాలి. కొన్ని గంటల్లో అయిపోవచ్చు, వారం పట్టినా పట్టొచ్చు. మధ్యలో కొత్తగా పెట్టిన ఫైళ్లు వెళ్లకపోవచ్చు కాబట్టి ఆ వారం అక్కడ కొత్త పని పెట్టుకోకూడదు. పాతచోట ఏదీ చెరిగిపోదు, ఇది కాపీ మాత్రమే. గూగుల్ ఫొటోలు ఈ దారిన రావు, వాటిని విడిగా దించుకోవాలి.

కొన్ని కాలేజీలు ఈ పేజీని మూసి పెడుతున్నాయి. మా కోపం ఇక్కడే. అకౌంటు మీదే, తీసేసే హక్కూ మీదే, సరే. పిల్ల చేత్తో రాసుకున్నది పట్టుకెళ్లే తలుపుకి తాళమెందుకు? అలాంటిచోట అడ్మిన్‌కి రాతపూర్వకంగా అడగాలి. ఒప్పుకోకపోతే `takeout.google.com` నుంచి జిప్ ఫైళ్లుగా దించుకోవాలి. దించే లింకు వారంపాటే పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్ చాలన్న అన్నలకి కూడా ఇక్కడే జవాబు: దించినప్పుడు గూగుల్ డాక్స్ వర్డ్ ఫైళ్లుగా మారతాయి. మన పాఠాల్లో మండలి, రామభద్ర ఫాంట్లు వాడాం. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు ఉంటాయి గానీ అచ్చుకి సర్దిన పేజీలు చెదిరిపోతాయి. అందుకే అచ్చుకెళ్లే పాఠాలని పీడీఎఫ్‌గా కూడా దాచాలి.

అన్నిటికన్నా మోసం చేసేది చేరిక ఫారం. గూగుల్ ఫారాన్ని కాపీ చేస్తే ప్రశ్నలు వస్తాయి, తల్లిదండ్రులు నింపిన జవాబులు రావు. చూడ్డానికి ఫారం నిక్షేపంగా ఉంటుంది, లోపల ఖాళీ. కాబట్టి ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టకముందే ఫారం తెరిచి, `Responses` కింద `Link to Sheets` నొక్కి జవాబులన్నీ షీటులోకి తెచ్చుకోవాలి. ఆ షీటు కాపీలో వరుసలన్నీ ఉంటాయి. కొత్త జవాబులు మాత్రం అందులో పడవు, వాటికి కొత్త అకౌంటులో కొత్త ఫారం కావాలి.

వచ్చాయో లేదో ఎలా తెలుస్తుంది? ఫోల్డరు కనబడగానే సంబరపడొద్దు. షేర్ చేసినవి కూడా అలాగే కనబడతాయి. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, కొత్త అకౌంటుతో మాత్రమే లాగిన్ అయి, డ్రైవ్ వెతుకులాట పెట్టెలో `owner:me` అని కొట్టండి. అక్కడ వచ్చినవే మనవి. పాత అకౌంటులోనూ అదే కొట్టి, ఫోల్డరు ఫోల్డరుగా లెక్క సరిచూడండి. ఆడియోలు ఒక్కొక్కటీ చివరిదాకా లాగి వినండి. మునసామి తాత పాట సగంలో ఆగిపోతే మళ్లీ పాడించుకోవడానికి ఆయన లేడు.

ఇంకొకటి, కాపీకి లింకు వేరు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన పాత లింకులు, ఆహ్వానపత్రిక మీద అచ్చేసిన క్యూఆర్ కోడ్, అన్నీ పాత ఫైలుకే వెళతాయి. అకౌంటు మూసిన రోజున అవన్నీ చస్తాయి. పంచుకున్న అనుమతులు కూడా కాపీతో వస్తాయనుకోకుండా మళ్లీ ఇవ్వాలి.

మన హోసూరు బడుల్లో తెలుగు చెప్పించుకోవడానికి ఎన్ని అర్జీలు పెట్టామో మీకు తెలుసు. అలాంటి ఊళ్లో, మన చేతుల్తో రాసుకున్న వాచకాలకి ఓనరుగా ఇంకో సంస్థ ఉండటం మాకు మింగుడుపడటం లేదు. వచ్చే ఆదివారం తరగతి అయ్యాక ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాం. కొత్త జీమెయిల్ అప్పుడే తెరుస్తాం. మీ పిల్లల కాలేజీ అకౌంట్లలో సంఘం ఫైళ్లు ఏమున్నా, అకౌంటు మూసే తేదీ కనుక్కుని కింద రాయండి. ముందు మూసేవాళ్లది ముందు మొదలుపెడతాం.