మునిగిన వీధికి పండగ ఆఫర్లా?

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ బిజినెస్ పేజీలో ట్రెండ్‌ల మీద వచ్చిన వ్యాసం చదివి ఒళ్లు మండింది. విషాదం జరిగితే కంపెనీలు ఒక సంతాప పోస్టు పెట్టేసి మర్నాటి నుంచి మామూలుగా రీల్స్ చేసుకోవచ్చట. ఊరుకుంటే పోటీదారు ముందుకు పోతాడట. పైగా దానికి ఉదాహరణ మా విజయవాడ వరదలు! ఆ వరదల్లో పాయకాపురంలో మేడ మీద చిక్కుకున్నదాన్ని నేను. గవర్నర్‌పేటలో ఒక చిన్న ప్రకటనల ఆఫీసులో బట్టల కొట్లకూ స్వీటు షాపులకూ ఇన్‌స్టా, ఫేస్‌బుక్ పేజీలు నడిపేదాన్ని కూడా.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా కింది వాటాలోకి వచ్చాయి. కరెంటు పోయింది. ఇంటిల్లిపాదికీ ఒక్క ఫోన్లోనే కాస్త ఛార్జింగ్ మిగిలింది. రాజరాజేశ్వరిపేటలో ఉన్న మా పిన్ని వాళ్ల కబురు తెలియదు. మర్నాడు సిగ్నల్ అందీ అందగానే ఫోన్ టింగుమంది. పిన్నేనని అందరం మీద పడ్డాం. చూస్తే, మేం ఎన్నో ఏళ్లుగా చీరలు కొనే కొట్టు నుంచి వాట్సాప్: వానల్లో తడిసి ముద్దయ్యేంత ఆఫర్లు, వినాయక చవితికి తరలి రండి అని! ఎక్కడికి తరలి రావాలండీ, నడుముల్లోతు నీళ్లలోంచి? ఆ కొట్టు పేరెత్తితే మా అమ్మకు ఇప్పటికీ కోపం. తమ్ముడి పెళ్లికి కూడా అక్కడ అడుగు పెట్టనివ్వలేదు.

ఆ యజమాని దుర్మార్గుడని నేననను. ఆ మెసేజీ వారం ముందే రాసి షెడ్యూల్ చేసి ఉంటారు. మీ వ్యాసకర్త తాకనే తాకని సంగతి ఇదే. ఏం పోస్టు పెట్టాలా అని ఆలోచించే ముందు, తమంతట తామే వెళ్లిపోయేవాటిని ఆపాలి. అవి మూడు చోట్ల ఉంటాయి. పేజీలో వరసగా పేర్చిపెట్టిన పోస్టులు ఒకటి. డబ్బు కట్టి నడిపే ప్రకటనలు రెండోది. పేజీ పోస్టులు ఆపినంత మాత్రాన ఇవి ఆగవు, విడిగా ఆపాలి. మూడోది వాట్సాప్ బల్క్ మెసేజీలు. చాలా కొట్లకు వీటిని వేరే ఏజెన్సీ పంపుతుంది, కాబట్టి ఫోన్ చేసి మరీ చెప్పాలి. అందరూ మరిచిపోయేది ఈ మూడోదే. జనం చేతిలోకి నేరుగా వెళ్లేదీ అదే.

ఇక సంతాప పోస్టు. ఆ వారం వచ్చిన వాటిలో సగానికి పైగా ప్రకాశం బ్యారేజీ బొమ్మే. మీ వ్యాసానికీ అదే ఫొటో! కృష్ణమ్మ ఆ రోజుల్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి పారిన మాట నిజం. కానీ సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు గండ్లు. ఊళ్లో ఉండే పత్రికకు కూడా ఈ తేడా తెలియకపోతే ఎలా? అసలు ఎవరు మునిగారో తెలుసుకోకుండా పెట్టిన సానుభూతి ఇలాగే పట్టుబడుతుంది. పైన పెద్ద లోగో, కింద ఎక్కడిదో ఫొటో.

అలాగని నోరు మూసుకోవడమే మార్గమని నేననడం లేదు. నేను బయటపడి పటమటలో బంధువుల ఇంటికి చేరాక, మేం పేజీ నడిపే స్వీటు షాపు ఒకటి తన వంటశాలలో పులిహోర వండించి పంపడం మొదలుపెట్టింది. పొట్లాలు ఎక్కడికి, ఎన్ని గంటలకు వస్తాయో, ఎవరికి ఫోన్ చేయాలో అంతే పెట్టాం. ఫోన్ నంబరు పెద్దగా, షాపు పేరు చిన్నగా. చెప్పడానికి అలాంటిది ఉంటే చెప్పాలి. లేకపోతే 'ఓజీ' నిర్మాతల్లాగా ఆగాలి. సెప్టెంబరు 2న పవన్ కల్యాణ్ పుట్టినరోజుకని అనుకున్న విశేషాన్ని వాళ్లు వరదల వల్ల వాయిదా వేశారు. సినిమాకేమైనా నష్టం వచ్చిందా? అమెరికాలో 2012లో శాండీ తుపాను వచ్చినప్పుడు అమెరికన్ అపారెల్ అనే బట్టల కంపెనీ, ఇంట్లో కూర్చుని విసుగెత్తితే కొనుక్కోండని తుపాను రాష్ట్రాలకే 20 శాతం తగ్గింపు ప్రకటించింది. అందరి చేతా చీవాట్లు తింది.

ఎన్నాళ్లు ఆగాలన్నదే అసలైన కష్టం. చవితి వచ్చింది సెప్టెంబరు 7న, చివరి గండి పూడ్చిందీ ఆ రోజే. పండగ సరుకు తెచ్చి పెట్టుకున్న యజమానుల బాధ నాకు తెలుసు. జీతాలు ఇవ్వాలి. అందుకే బెంజ్ సర్కిల్, పటమట వైపు ప్రకటనలు మళ్లీ మొదలుపెట్టాం. మ్యాప్‌లో సింగ్‌నగర్ చుట్టూ గుండ్రం గీసి ఆ ప్రాంతాన్ని మినహాయించాం. కరెంటు వచ్చి, ఇళ్లలో బురద కడుక్కున్నాకే ఆ గుండ్రం తీసేశాం. హాస్యం రీల్స్ మాత్రం నెలాఖరు దాకా ఎక్కడా పెట్టలేదు, ఎందుకంటే రీల్ ఒకరి నుంచి ఒకరికి పాకి ఆ గుండ్రం దాటి పోతుంది. ఒక్కరోజు సంతాపంతో సరిపెట్టమనే మీ వ్యాసకర్త ఈ లెక్క ఏదైనా వేశారా?

ఆయన జవాబు ప్రచురిస్తే చదువుతాను. ఈలోగా ఆ బ్యారేజీ ఫొటో తప్పునైనా వచ్చే ఆదివారం సవరించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాయకాపురం, విజయవాడ