పట్టికకెక్కని ఇల్లు

భద్రాచలం అడవి అంచు పల్లెలలో ఎన్ని ఇళ్లకు కుళాయి ఉన్నదో తెలుసుకోవాలనుకోండి. గడపగడపా ఎక్కనక్కరలేదు. ఇళ్ల పట్టిక ముందు పెట్టుకుని, చీట్లు తీసినట్టు కొన్ని పేర్లు తీసి అడిగితే చాలు. అయితే ఆ చీట్లు ఏ పట్టికలోవి అన్నదే అసలు ప్రశ్న.

2011 జనాభా లెక్కల నాటి ఖమ్మం జిల్లా ఇప్పుడు లేదు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రామాలయమున్న భద్రాచలం తెలంగాణలో నిలిచింది. పక్కనున్న ఎటపాక అటు వెళ్లింది. పాత పట్టిక పట్టుకుని బయలుదేరితే మనవి కాని ఊళ్లు కూడా చీటీలలో వస్తాయి.

లెక్క కోసం ఒక ఊహ చేద్దాం. పట్టికలో 1000 ఇళ్లు. అందులో 200 మన పరిధిలో లేనివి. 100 చీట్లు తీస్తే ఇంచుమించు 80 అసలైన ఇళ్లు దొరుకుతాయి. వాటిలో 60 ఇళ్లకు కుళాయి ఉంటే, పదింతలు చేసి మొత్తం 600 కుళాయిలని చెప్పాలి. కాని కొందరు, దొరకని 20 ఇళ్లకు బదులు ఇంకో 20 ఇళ్లు వెదికి 100 పూర్తి చేస్తారు. అప్పుడు 75 కుళాయిలు కనిపిస్తాయి. పదింతలు చేస్తే 750! లేని కుళాయిలు 150 పుట్టుకొచ్చాయన్నమాట. లేని ఇంటిని సున్నాగా వదలాలే తప్ప, దాని స్థానంలో మరొకటి పెట్టరాదు.

ఒకే కుటుంబం పేరు రెండుచోట్ల ఉంటే, అంటే పల్లెలో ఒకటి, పట్నంలో ఒకటి ఉంటే, చీటీ తగిలే అవకాశం వారికి రెండింతలు. అలాంటివారు ఎక్కువగా కుళాయి ఉన్నవారే అయితే సగటు పైకి పోతుంది. మందు సులువే: "మీ పేరు ఎన్నిచోట్ల ఉంది?" అని అడిగి, రెండుచోట్ల ఉంటే వారి జవాబును సగంగా లెక్కించాలి.

మూడవ జబ్బు మొండిది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయలు అడవిలో గుడిసెలు వేసుకున్నారు. పట్టికకెక్కని గూడేలలో మరో 200 ఇళ్లున్నాయనీ, ఒక్కదానికీ కుళాయి లేదనీ అనుకోండి. పట్టికలోని 800 ఇళ్లలో 600కు కుళాయి ఉంది గనుక మనం నూటికి 75 అంటాం. నిజం 1000కి 600, అంటే నూటికి 60. ఇక్కడ చీట్లు ఎన్ని పెంచినా ప్రయోజనం లేదు. ఆ ఇంటి చీటీ డబ్బాలోనే లేదు గదా! పైగా, లేని ఇల్లు తలుపు మూసి తనను తానే చెప్పుకుంటుంది. పట్టికకెక్కని ఇల్లు నోరు విప్పదు.

దాన్ని పట్టడానికి దారి ఒకటుంది. పటం మీద కొన్ని తావులు గీసి, పట్టిక చూడకుండా, ఆ తావులలోని ప్రతి పొయ్యినీ కాలినడకన రాసుకురావాలి. తర్వాత ఆ రాతను పట్టికతో పోల్చాలి. పది పొయ్యిలలో రెండు పట్టికలో లేకపోతే, జబ్బు ఎంతదో తేలినట్టే.