అట్టలో ఎన్ని మిగిలాయమ్మా?

"కన్నతల్లితో మాట్లాడటానికి టైంటేబులేమిటే! ఇదేమన్నా బడా?" అని మా పెద్ద తోటికోడలు నన్ను చూసి ఒకటే నవ్వు. ఆవిడ నవ్వు ఆవిడది. నా గోడు కూడా కాస్త వినండి.

అమ్మ తెనాలిలో ఒక్కతీ ఉంటుంది. హైదరాబాదు నుంచి రోజూ రాత్రి ఏడున్నరకి ఫోను చేస్తాను. నాలుగేళ్లుగా ఒక్కరోజూ తప్పలేదు. "తిన్నావా?" "తిన్నా." "మందులేసుకున్నావా?" "వేసుకున్నా." "సరే, పడుకో." రెండు నిమిషాల్లో నా ధర్మం తీరిపోయేది. ఆ జవాబులు అలవాటుకొద్దీ వస్తున్నాయని నాకు తట్టనే లేదు.

చివరికి వారానికో విషయం పెట్టుకున్నాను. ఒక వారం మందులు, ఒక వారం ఇల్లూ వాకిలీ, ఒక వారం వచ్చేపోయే మనుషులు, ఒక వారం పాత ముచ్చట్లు. తర్వాత మళ్లీ మందులు.

మొదటి మందుల వారంలో "వేసుకున్నావా" మానేసి, "అట్టలో ఎన్ని మిగిలాయమ్మా?" అన్నాను. సోమవారం రాత్రి బి.పి. మాత్ర వేసుకున్నాక 10 ఉన్నాయంది. రోజుకొకటి చొప్పున గురువారం రాత్రికి 7 ఉండాలి కదా? 9 ఉన్నాయంది! నేను కోప్పడలేదు. కాసేపటికి తనే చెప్పింది: "అది వేసుకుంటే రాత్రి మూడుసార్లు లేవాల్సొస్తోందే. చీకట్లో బాత్రూముకెళ్లాలంటే భయం." అది ఒంట్లో నీరు తీసే మందు కలిసిన మాత్రట. డాక్టరుగారికి చెబితే పొద్దుటికి మార్చారు. ఇంటి వారం వచ్చేసరికి బాత్రూము దారిలో చిన్న బల్బు పెట్టించాం.

రోజుకో విషయం మార్చకూడదా అంటారేమో. సోమవారం ఒక్కరోజే అడిగి ఊరుకుంటే ఆ లెక్క తప్పు బయటపడేదా? అలాగని నెలంతా అదే అడిగితే, అట్ట చూడకుండానే అంకె అప్పజెప్పేస్తుంది. నేను నోరు తెరవకముందే జవాబొచ్చిందంటే, ప్రశ్న పాతబడిందని నాకు గుర్తు.

అయితే అన్నీ వంతులకి వదలకూడదు. అమ్మకి షుగరుంది. పాదాల్లో స్పర్శ తగ్గితే పుండు పడినా నొప్పి తెలియదు. అందుకని అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుందా, కళ్లు తిరిగాయా అన్నవి ఏ వారమైనా రోజూ అడగాల్సిందే. అలాగే, అమ్మ తనంతట తను ఏదైనా మొదలెడితే నా విషయం పక్కన పెట్టాలి. ఈ మాట ఆలస్యంగా నేర్చుకున్నాను. పక్కింటావిడ పోయిన రోజున గ్యాసు సంగతి అడిగాను. అమ్మ మరి మాట్లాడలేదు.

ప్రేముంటే మాటలు వాటంతటవే వస్తాయంటుంది మా తోటికోడలు. నాలుగేళ్లూ నాకు ప్రేమ లేకేం? వచ్చిన మాటలు మాత్రం ఆ రెండే!