చీర తిరిగొస్తే... తగ్గింపు ఎవరిది?

వేటపాలెం పేరు చెబితే మగ్గాలూ జీడిపప్పూ గుర్తొస్తాయి. ఆ ఊళ్లో ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చేనేత చీరలమ్మే ఓ చిన్న వ్యాపారి ఉన్నాడనుకుందాం. పండక్కి ఆయనో కోడ్ పెట్టాడు... PANDUGA500. నాలుగు వేలు, ఆపైన కొన్నవారికి అయిదొందలు తగ్గింపు.

ఒకావిడ రూ.2,400 చీరా, రూ.1,600 చీరా కలిపి తీసుకుని రూ.3,500 కట్టింది. వారం తిరక్కముందే రెండో చీర నచ్చలేదని వెనక్కి పంపింది. వ్యాపారి దాని ధర చూసి రూ.1,600 తిరిగిచ్చేశాడు. ఇంకేముంది, రూ.2,400 చీర ఆవిడకి రూ.1,900కే వచ్చింది! ఆ ఒక్క చీరే కొని ఉంటే కోడ్ అసలు పనిచేసేదే కాదు. ఆవిడ కావాలని చేసిందని కాదు, లొసుగు నిబంధనలోనే ఉంది.

దీనికి రెండు దారులున్నాయి. అయిదొందల్నీ ధరల ప్రకారం రెండు చీరలకూ పంచితే మొదటిదానికి 300, రెండోదానికి 200 పడతాయి. అప్పుడు తిరిగివ్వాల్సింది రూ.1,400. లేదూ, మిగిలిన కొనుగోలు నాలుగు వేలకన్నా తగ్గింది కాబట్టి తగ్గింపు మొత్తం రద్దుచేసి రూ.1,100 ఇవ్వొచ్చు. ఏ పద్ధతైనా సరే, డబ్బు కట్టకముందే కొనేవారికి కనిపించేలా రాయాలి. చీర వెనక్కొచ్చాక చెబితే తగవే.

పాయింట్లదీ ఇదే కథ. వందకొకటి చొప్పున 35 పాయింట్లు ఆర్డరు పెట్టిన రోజే ఇచ్చేస్తే, వాటిని వాడేసుకుని ఆనక చీర వెనక్కి పంపొచ్చు. అందుకే వాపసు గడువు ముగిశాకే పాయింట్లు ఖాతాలో పడాలి. అంతవరకూ 'రావలసినవి' అని చూపిస్తే చాలు.

గిఫ్ట్ కార్డు సంగతి వేరు. అది తగ్గింపు కాదు, ముందే పుచ్చుకున్న సొమ్ము. అంటే వ్యాపారికి అప్పే. తగ్గింపు కోడ్‌తో గిఫ్ట్ కార్డు కొననిస్తే రూ.3,500కే నాలుగు వేల కార్డు వస్తుంది. దాంతో చీరలు కొనేటప్పుడు ఇంకో కోడ్ వాడితే దెబ్బ మీద దెబ్బ. కాబట్టి కార్డుల కొనుగోలుకు కోడ్‌లు వర్తించకూడదు. కార్డుతో కొన్న చీర వెనక్కొస్తే ఆ సొమ్ము కార్డులోకే వెళ్లాలి. బ్యాంకు ఖాతాలో వేస్తే, ఎవరిదో క్రెడిట్ కార్డు కొట్టేసి గిఫ్ట్ కార్డు కొన్నవాడికి నగదు చేతికిచ్చినట్లే. సొంత దుకాణంలోనే చెల్లే కార్డుకు రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు కానీ, దానిమీద నగదు ఇవ్వకూడదు.

అలాగని మరీ బిగించినా చిక్కే. 'ఒక చిరునామాకి ఒకసారే' అంటే, అత్తగారు కోడ్ వాడాక అదే ఇంట్లో ఉన్న కోడలికి అది పనిచేయదు. దానికన్నా ఓటీపీతో సరిచూసిన ఫోన్ నంబరుకి ఒకసారి అనడం మేలు. రెండు సిమ్‌లున్నవాళ్లు రెండుసార్లు వాడుకుంటారేమో... ఆ నష్టం, నిజాయతీగా కొనే కోడల్ని పోగొట్టుకోవడం కన్నా తక్కువే.