చైనా మెయిల్‌లో ‘కాదు’ ఎక్కడుంటుంది?

గోలేటిలో ఓ ఇంటికి పెళ్లి సంబంధం మాట్లాడటానికి చుట్టాలు వచ్చారనుకోండి. టిఫిన్లు తిన్నారు. టీలు తాగారు. పిల్ల చదువు బాగుందన్నారు. క్వార్టర్ ముందు పెంచిన మల్లెచెట్టు కూడా బాగుందన్నారు. లేచి వెళ్లేటప్పుడు పెద్దాయన, ‘ఇంట్ల ఒక మాట అనుకుని కబురు పంపుతం అన్నా’ అన్నాడు. ఇక ఆ కబురు రాదని, వాళ్లు వాకిలి దాటకముందే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. ఎవరూ డిక్షనరీ తీయరు!

అదే మనవాళ్లకు చైనా నుంచి ‘మీ ధర అందింది. సరుకు చాలా బాగుంది. స్టడీ చేసి తెలియజేస్తాం’ అని మెయిల్ వస్తే మాత్రం ఆర్డరు వచ్చినట్టే లెక్కేసుకుంటారు. ఎందుకంటే అది ఇంగ్లిషులో ఉంటుంది. ఇంగ్లిషును మనం స్కూల్లో నేర్చుకున్నట్టుగా, మాటకు మాట అర్థం చెప్పుకొంటూ చదువుతాం. కానీ అవతల రాసినవాడికీ అది సొంత భాష కాదు. మనసులో అనుకున్న చైనా మాటను ఇంగ్లిషులోకి మార్చి పంపిస్తాడు. చదవాల్సింది ఆ కింద దాగిన మాటని.

ఈ తంటా తెలుగునాట ఎక్కువగా పడేది మిర్చి, గ్రానైట్ ఎగుమతిదారులు. గ్రానైట్ సంగతే తీసుకుందాం. కరీంనగర్ క్వారీల్లో దొరికే ‘టాన్ బ్రౌన్’ రాయికి చైనాలో మంచి గిరాకీ. బ్లాకులుగా కోసిన రాయి రేవుకు చేరి, అక్కడి నుంచి ఓడలో ఫుజియన్ రాష్ట్రంలోని షియామెన్‌కు వెళ్తుంది. ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పలకలుగా కోస్తారు. కొనేవాడి తరఫు మనిషి ముందే క్వారీకి వచ్చి, నచ్చిన బ్లాకుల మీద రంగుతో గుర్తు వేసి వెళ్తాడు. దాన్నే ‘మార్కింగ్’ అంటారు. మిగతా బేరమంతా మెయిళ్లలోనే!

పొగాకూ... మందూ!

‘స్టడీ చేస్తాం’ వెనకున్న చైనా మాట ‘యెన్‌జియు’. పరిశీలన అని అర్థం. ఆఫీసుల్లో దీన్ని రెండుసార్లు కలిపి, ‘యెన్‌జియు యెన్‌జియు’ అంటారు. మన ‘చూద్దాం, చూద్దాం’ లాంటిదన్నమాట. దీని మీద చైనాలో ఓ పాత జోకుంది. పలికే తీరు కాస్త మారిస్తే ఇదే మాటకు ‘పొగాకు, మద్యం’ అని అర్థం వస్తుంది. అంటే సాయిబుగారి పరిశీలన ముందుకు కదలాలంటే సిగరెట్లు, సీసాలు కదలాలని ఎగతాళి. చైనావాళ్లే నవ్వుకునే మాటను మనం వాగ్దానంగా తీసుకుంటే ఎలా?

ఇలాంటివే ఇంకో రెండు. ‘కాస్త ఇబ్బందిగా ఉంది’ అంటే కొంచెం కష్టమని కాదు, కుదరదని. ‘వీలుగా లేదు’ అన్నా అంతే. ‘మెయిల్ అందింది, గమనించాం’ అన్నది ఒప్పుకోలు కాదు. అందింది, అంతే!

సూటిగా చెప్పేస్తే పోయేదేముందని అడగొచ్చు. పోయేది ‘మియాన్‌జి’... అంటే మొహం. దీన్ని మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నలుగురిలో మాట పడితే ‘మొహం చెల్లడం లేదు’ అని మనమూ అంటాం. ‘మీ ధర దండగ’ అని రాస్తే మీ మొహం పోతుంది. ‘మా దగ్గర డబ్బుల్లేవు’ అని రాస్తే అతని మొహం పోతుంది. ‘స్టడీ చేస్తాం’ అంటే ఇద్దరి మొహాలూ నిలుస్తాయి. రేపు ఇంకో సరుకు విషయంలో మళ్లీ మాట్లాడుకోవడానికి దారి మిగులుతుంది.

వంక పెట్టాడా... కొంటాడు!

మరి ఏది నిజమైన వాయిదా, ఏది మర్యాదగా చెప్పిన ‘కాదు’? మెయిల్‌లో ఉన్న మెత్తని మాటలను కాదు, లేనివాటిని చూడాలి. తేదీ ఉందా? సంఖ్య ఉందా? తర్వాత చేయాల్సిన పని ఉందా? మూడూ లేకపోతే అనుమానించాల్సిందే.

గోలేటి కుర్రాడొకడు డిప్లొమా చేసి కరీంనగర్‌లోని గ్రానైట్ ఆఫీసులో చేరాడనుకుందాం. ఇరవై బ్లాకుల జాబితా షియామెన్‌కు పంపాడు. మొదటి జవాబులో ఐదు ప్రశ్నలున్నాయి. పొడవు, వెడల్పు ఎంత? తడిపి తీసిన ఫొటోలు ఉన్నాయా? ఏ రేవు నుంచి పంపుతారు? ఎప్పుడు? మొత్తం ఎన్ని టన్నులు? ఇది బతికున్న బేరం. కుర్రాడు ధర పంపాడు. ఈసారి జవాబు తియ్యగా వచ్చింది. ‘మీ రాయి నాణ్యత చాలా గొప్పది. ఈమధ్య మార్కెట్ అంత బాగాలేదు. స్టడీ చేసి చెబుతాం.’ ప్రశ్నలు మాయమయ్యాయి, పొగడ్త మొదలైంది. బేరం ఇక్కడే ఆగిపోయింది!

అదే ‘ధర మరీ ఎక్కువ, ఆ నాలుగో బ్లాకులో నల్ల మచ్చ ఉంది’ అని మొరటుగా రాసుంటే సంతోషించాల్సింది. ‘సరుకుకు వంక పెట్టేవాడే కొనేవాడు’ అని చైనా వ్యాపారుల్లో సామెత. షియామెన్ ప్రాంతపు మిన్నాన్ భాషలోనూ బాగా వినిపిస్తుంది. బేరమాడేటప్పుడు చైనావాళ్లు ఏమాత్రం మొహమాటపడరు. మొహమాటం మొదలైందంటేనే బేరం ముగిసినట్టు.

కుర్రాడికి ఇది తెలియదు. వారం ఆగి, ‘ఒప్పుకుంటున్నారా, లేదా? రెండ్రోజుల్లో చెప్పండి’ అని రాశాడు. జవాబు తొందరగా వస్తుందని అవతలి ఆఫీసు పెద్దకూ కాపీ పెట్టాడు. ‘మా మేనేజరు టూర్లో ఉన్నారు’ అని ఓ మెయిల్ వచ్చింది. తర్వాత అదీ లేదు. కాపీ పెట్టడమంటే ఆ ఉద్యోగి పని చేయడం లేదని పైవాడికి చాడీ చెప్పడమే. ఈలోగా ఇరవై బ్లాకులు యార్డులో కదలకుండా ఉన్నాయి. అవే అడిగిన ఇంకో కొనుగోలుదారుకు ‘ఆల్రెడీ మాట ఇచ్చేశాం’ అని చెప్పి పంపించేశారు. అసలు నష్టం ఇక్కడ!

ఏం చేసుండాల్సింది? అవునో కాదో చెప్పక్కర్లేని ప్రశ్న ఒకటి వేయాలి. ‘ఇరవై కాకపోతే పెద్దవి పన్నెండు విడిగా ఇవ్వగలం. ఏది వీలు? మార్కింగ్‌కు మీ మనిషి ఏ వారం రాగలడు?’ అని అడిగి చూడాలి. ‘పన్నెండు, వచ్చే నెల రెండో వారం’ అంటే బేరం బతికింది. ‘వీలున్నప్పుడు తెలియజేస్తాం’ అంటే బ్లాకులు రెండోవాడికి అమ్ముకోవచ్చు.

ఒక్కటి మాత్రం చూసుకోవాలి. జనవరి నెలాఖరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వచ్చే చైనా కొత్త సంవత్సరానికి ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడతాయి. అక్టోబరు ఒకటి నుంచి జాతీయ దినోత్సవ సెలవులు. అప్పటి మౌనం మౌనమే, తిరస్కారం కాదు. నిజంగా టూర్లో ఉన్న మేనేజరుకు తిరిగి వచ్చే తేదీ కూడా ఉంటుంది.

మనం ‘కాదు’ అనాలంటే...

ఇప్పుడు సీన్ తిరగేద్దాం. ఇంకో బేరం కుదిరి ఇరవై బ్లాకులు షియామెన్ చేరాయి. మూడింట్లో వెంట్రుకవాసి పగుళ్లున్నాయనీ, మొత్తం సరుకు మీద క్యూబిక్ మీటరుకు 20 డాలర్లు తగ్గించాలనీ మెయిల్ వచ్చింది. ఒక్కో బ్లాకు దాదాపు 7.87 క్యూబిక్ మీటర్లు. ఇరవైకీ కలిపి తగ్గింపు 3,100 డాలర్లు దాటుతుంది. ‘మీ మనిషే చూసి గుర్తు వేశాడు, మాకు సంబంధం లేదు’ అని రాయాలనిపిస్తుంది. నిజమే కావచ్చు. కానీ ఆ ఒక్క వాక్యంతో మార్కింగ్ చేసినవాడు తన యజమాని ముందు దోషిగా నిలబడతాడు. తప్పు తనది కాదని నిరూపించుకోవడానికి ఇక అతను మన రాయినే తిడతాడు.

దీనికి చైనావాళ్ల దగ్గరే మందుంది. ‘దిగడానికి మెట్టు వేయాలి’ అంటారు. ఎత్తు మీద ఇరుక్కున్నవాడిని తోసేయకుండా, తనంతట తాను దిగేలా చేయడం. మెయిల్ ఇలా ఉండొచ్చు: ‘మార్కింగ్ రోజున రాయి మీద దుమ్ము ఉంది. అలాంటి పగుళ్లు కడిగితేగాని ఎవరి కంటా పడవు. ధర రెండు పక్షాలూ కలిసి ఒప్పుకున్నది కాబట్టి అలాగే ఉంచుదాం. ఆ మూడు బ్లాకులకు మాత్రం పొడవులో అలవెన్స్ ఇంకో 10 సెంటీమీటర్లు పెంచుతాం.’

అలవెన్స్ అంటే బ్లాకు అంచుల్లో పనికిరాని భాగానికి కొలతలో వదిలేసే తరుగు. ఉదాహరణకు 300 సెంటీమీటర్ల పొడవు, 180 వెడల్పు, 160 ఎత్తున్న బ్లాకును, తరుగు తీసి 290, 175, 155గా లెక్కిస్తారనుకోండి. అది 7.87 క్యూబిక్ మీటర్లు. పొడవును 280కి తగ్గిస్తే 7.60 అవుతుంది. మూడు బ్లాకులకూ కలిపి వదులుకున్నది 0.81 క్యూబిక్ మీటరు. ధర 300 డాలర్లనుకుంటే 244 డాలర్లు! తగ్గింపు కుదరదని చెప్పేశాం. కానీ ‘కాదు’ అన్న మాట ఎక్కడా లేదు. అవతలివాడు తన యజమానికి ‘కొంత రాబట్టాను’ అని చెప్పుకోగలడు. వచ్చే సీజన్‌కు ధర కూడా చెడలేదు.

ఈ మెత్తదనానికీ హద్దుంది. కారణాలు ఎంత మెత్తగానైనా రాయొచ్చు. అంకెలు మాత్రం గట్టిగా ఉండాలి. ఏ బ్లాకు నంబర్లు, ఎన్ని సెంటీమీటర్లు, సవరించిన బిల్లు ఎంత... ఇవి విడిగా ఓ కాగితం మీద పెట్టి, ‘సరే’ అన్న జవాబు తెప్పించుకోవాలి. లేదంటే ‘ఏదో సర్దుతాం’ అన్న మాటను వాళ్లు వాళ్లకు అనుకూలంగా చదువుకుంటారు.

సర్దడమంటే గుర్తొచ్చింది... మనవాళ్లు ప్రతి మెయిల్ చివరా ఓ మాట రాస్తారు. ‘ఈ నెలాఖరుకు పంపడానికి ట్రై చేస్తాం’ అని. మనకది హామీ. షియామెన్‌లో దాన్ని చదివేవాడికి అది మర్యాదగా చెప్పిన ‘కాదు’! అతను మారుమాట్లాడకుండా ఇంకో క్వారీకి మెయిల్ కొడతాడు. నిజంగా పంపే ఉద్దేశం ఉంటే, ‘ట్రై’ తీసేసి అక్కడ తేదీ వేయండి.